నాకు మెయిళ్లు వస్తున్నాయి, అమ్మాయికే రావడం లేదు: ఇంటి 100 జీబీ లెక్క ఎట్టా?

కావలి_పాతపోస్టు
అందరికీ నమస్కారం. గూగుల్ వన్‌లో 100 జీబీ ప్లాను నా పేరు మీద ఉంది. ఇంట్లో నలుగురం దాన్నే వాడుకుంటున్నాం: నేను, మా ఆవిడ, బెంగళూరులో అబ్బాయి, ఒంగోలులో చదివే అమ్మాయి. మూడు రోజుల నుంచి అమ్మాయికి మెయిళ్లు రావడం లేదు. పంపినవాళ్లకు తిరిగి పోతున్నాయంట. అబ్బాయి ఫోటోలు ఎక్కడం లేదంటున్నాడు. నాకూ మా ఆవిడకూ మాత్రం అన్నీ మామూలుగానే వస్తున్నాయి. డబ్బు కట్టేది నేను, ప్లాను నాది. జాగా అయిపోయి ఉంటే ముందు ఆగాల్సింది నా మెయిలే కదా? అమ్మాయి ఫోనులోనే ఏదైనా లోపం ఉందా? ఆమె ఫోను మార్చమంటోంది.

బుచ్చి_బైకు
ఫోను మార్చక్కర్లేదు సార్. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి పోయి యాప్‌ల కాష్ క్లియర్ చేయమనండి. వాట్సాప్ వీడియోలు గ్యాలరీలోంచి తీసేస్తే ఫ్రీ అవుతుంది. ఒకసారి ఫోను ఆపి ఆన్ చేయమనండి.

పెన్నా_ఒడ్డు
బైకు తమ్ముడూ, నువ్వు చెప్తోంది ఫోను లోపలి మెమరీ సంగతి. ఆయన అడుగుతోంది గూగుల్ అకౌంటు జాగా. కాష్ ఎంత తుడిచినా అక్కడ ఒక్క ఎంబీ కూడా తగ్గదు. ఫోనులో 60 జీబీ ఖాళీ ఉన్నా మెయిళ్లు తిరిగి పోతాయి, ఫోను నిండిపోయి ఉన్నా మెయిళ్లు వస్తూనే ఉంటాయి. ఈ రెండింటికీ సంబంధం లేదు.

పెద్దాయనా, అమ్మాయి ఫోను బాగానే ఉండి ఉంటుంది, మార్చబాకండి.

ఒంగోలు_గిత్త
100 జీబీ, నలుగురు. అంటే తలా 25. అమ్మాయి తన 25 దాటేసింది, అబ్బాయి కూడా దాటేశాడు. మీరిద్దరూ దాటలేదు. అంతే కదా. మా ఇంట్లోనూ ఇట్టాగే పంచుకున్నాం.

పెన్నా_ఒడ్డు
గిత్తా, మీ ఇంట్లో నోటి మాటగా పంచుకుని ఉంటారు. గూగుల్‌లో అట్టా వాటాలు వేసే సౌకర్యమే లేదు. ఎవరికీ 25 అని రాసి ఉండదు. ఒకరే 90 వాడినా ఆపేవాడు ఉండడు. అయితే నీ మాటలో సగం నిజం ఉంది. ఇంట్లో ప్రతి ఒక్కరికీ సొంతంగా కొంత ఉంటుంది, కానీ అది 25 కాదు, 15. అదీ ప్లానులోంచి వచ్చింది కాదు. ప్రతి గూగుల్ అకౌంటుకూ ఉచితంగా వచ్చేదే.

లెక్క ఇట్టా నడుస్తుంది. మన పక్క రైతులకు బాగా తెలిసిన సంగతే. పొలంలో ఎవరి బోరు వాళ్లకు ఉంటుంది. ఊరందరికీ కలిపి ఒక కాలవ ఉంటుంది. బోరులో నీళ్లున్నంత సేపూ వాడు కాలవ జోలికి పోడు. బోరు ఎండితేనే కాలవలోంచి పెట్టుకుంటాడు. ఇక్కడ 15 జీబీ ఎవరి బోరు వాళ్లది, 100 జీబీ ఉమ్మడి కాలవ. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ కలిపి ఒకరివి 15 దాటేదాకా కాలవలో ఒక్క చుక్క కూడా తగ్గదు. 15 దాటాక పైన పడేదంతా కాలవ లెక్కలోకి వస్తుంది.

ఎగువ మడివాడు ఒకడు కాలవ మొత్తం తోడేసుకుంటే చివరి భూములు ఎండుతాయి. బోరులో ఇంకా నీళ్లున్నవాడికి మాత్రం కాలవ ఎండిన సంగతే తెలియదు. మీకూ అమ్మగారికీ జరుగుతున్నది అదే అనుకుంటున్నా. డబ్బు ఎవరు కడుతున్నారనేది ఇక్కడ లెక్కలోకి రాదు. ప్లాను యజమాని సొంత 15 దాటకపోతే ఆయన మెయిలు ఆగదు. ఇంట్లో జాగా నిండిన సంగతి చివరగా తెలిసేది చాలాసార్లు ఆయనకే.

నలుగురూ ఎవరి అకౌంటులో వాళ్లు `one.google.com/storage` తెరిచి మొత్తం ఎంత వాడారో చూసి ఇక్కడ రాయండి. గుర్తున్నది కాదు, తెర మీద కనబడేది రాయండి.

మైపాడు_అల
ఇదంతా ఎందుకన్నా, మా ఆఫీసులో మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ ప్లాను తీసుకున్న వాళ్లకి తలా ఒక టీబీ వస్తుంది. ఒకరిది నిండితే ఇంకొకరికి ఏమీ కాదు. ఇక్కడ కూడా అట్టాగే ఉండాలి, గూగుల్ వాళ్లే ఏదో తప్పు చేసి ఉంటారు.

పెన్నా_ఒడ్డు
నువ్వు చెప్పిన ప్లాను నిజమే, మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీలో ఆరుగురి దాకా తలా 1 టీబీ వస్తుంది. అక్కడ ఒకరి జాగా ఇంకొకరు వాడుకోలేరు. తమ్ముడు 10 జీబీ కూడా వాడకపోయినా, అతనికి మిగిలిన దాంట్లోంచి అన్న ఒక్క జీబీ తీసుకోలేడు. అంటే అక్కడ ఆరు బోర్లు ఉన్నాయి, కాలవే లేదు. గూగుల్‌ది వేరే ఏర్పాటు. ఒకదాని రూలు ఇంకోదానికి పెట్టి తప్పు పట్టకూడదు.

కావలి_పాతపోస్టు
పెన్నా గారూ, అందరికీ ఫోన్లు చేసి తెర మీద చదివించాను. నాది 9 జీబీ. మా ఆవిడది 12. అబ్బాయిది 93. అమ్మాయిది 37. కలిపితే 151 వస్తోంది. 100 జీబీ ప్లానులో 151 ఎట్టా పట్టింది? పైగా నా తెర మీద కుటుంబం పేజీలో అబ్బాయి పేరు ఎదురుగా 78 అనీ అమ్మాయి ఎదురుగా 22 అనీ ఉంది. వాళ్లు చెప్పిన అంకెలకూ దీనికీ పొంతన లేదు. వాళ్లు తప్పు చదివారా?

ఇంకో మాట. మొన్న రాత్రి మా ఆవిడ కూర్చుని పాత ఫోటోలు 5 జీబీ దాకా తుడిచింది. 17 ఉన్నది 12 అయింది. అమ్మాయికి మాత్రం ఏమీ మారలేదు.

పెన్నా_ఒడ్డు
ఎవరూ తప్పు చదవలేదు. మీరు రాసిన అంకెల్లోనే జవాబు ఉంది.

మీది 9. మీ 15 లోపలే. కాలవ లెక్కలో సున్నా.
అమ్మగారిది 12. అదీ 15 లోపలే. సున్నా.
అబ్బాయిది 93. సొంత 15 తీసేస్తే 78.
అమ్మాయిది 37. 15 తీసేస్తే 22.

78, 22 కలిపితే సరిగ్గా 100. కాలవ ఖాళీ. మీ కుటుంబం పేజీలో కనబడేది ఈ ఉమ్మడి వాడకమే, వాళ్ల మొత్తం వాడకం కాదు. అందుకే 93 ఉన్నవాడి ఎదురుగా 78 కనబడుతోంది.

ఇప్పుడు అమ్మాయి వాడింది 22 మాత్రమే అయినా ఆమె బోరు ఎండింది, కాలవ కూడా ఎండింది. కొత్త మెయిలు పెట్టుకోవడానికి ఒక్క కేబీ కూడా లేదు. పంపినవాళ్లకు తిరిగి పోయే మెయిల్లో `552 5.2.2` లేదా `452 4.2.2` అనే అంకె, పక్కన `out of storage space` అనే మాట ఉంటే ఇదే కారణం. వాళ్ల దగ్గర నుంచి ఆ తిరిగొచ్చిన మెయిలు ఒకటి తెప్పించుకుని చూడండి, ఊహించుకోనక్కర్లేదు. ఆమె మెయిలు పంపడానికి కూడా కుదరదు. మీకింకా 6, అమ్మగారికి 3 మిగిలి ఉన్నాయి కాబట్టి మీ ఇద్దరికీ నడుస్తోంది.

అమ్మగారు తుడిచిన 5 జీబీ సంగతి. 17 నుంచి 15 దాకా తుడిచిన మొదటి 2 జీబీ మాత్రమే కాలవకు తిరిగి వచ్చింది. 15 నుంచి 12 దాకా తుడిచిన 3 జీబీ ఆమె బోరులోకే పోయింది, ఎవరికీ పనికిరాదు. మరి ఆ 2 జీబీ ఏమయింది? నా అనుమానం, అబ్బాయి ఫోనులో ఎక్కాల్సిన వీడియోలు వరుసలో నిలబడి ఉన్నాయి. జాగా దొరికిన వెంటనే అవి మింగేశాయి. అమ్మగారిని ఇంకేమీ తుడవొద్దని చెప్పండి, పాపం. ఇప్పుడు ఆమె ఉన్న ఫోటోలన్నీ తుడిచేసినా అమ్మాయికి ఒక్క మెయిలు రాదు.

కావలి_పాతపోస్టు
ఆ 2 జీబీ మాట నిజమే. అబ్బాయిని అడిగితే ఆ రాత్రి వీడియోలు రెండు ఎక్కాయన్నాడు. అవి ఎందుకెక్కాయో వాడికీ అర్థం కాలేదంట.

చిత్తలూరు_కోడలు
మా ఇంట్లో అందరివీ ఐఫోన్లు. ఐక్లౌడ్ 200 జీబీ పంచుకున్నాం. మా ఆయన వీడియోలకే అదంతా పోతుంది. మా వాళ్లందరికీ ఒకేసారి ఆగిపోయింది, మీ ఇంట్లో లాగా కొందరికి వచ్చి కొందరికి రాకపోవడం కాదు. పెన్నా అన్నా, అంటే మాకు బోరు లేదా?

పెన్నా_ఒడ్డు
లేదమ్మా. ఐక్లౌడ్‌లో ఉచితంగా వచ్చే 5 జీబీ, కుటుంబ ప్లానులో చేరాక దాని మీద అదనంగా కలవదు. అందరూ మొదటి ఫోటో నుంచీ ఉమ్మడి దాంట్లోంచే వాడతారు. అందుకే నిండితే ఇంట్లో అందరికీ ఒకేసారి బ్యాకప్ ఆగుతుంది, ఐక్లౌడ్ మెయిలు ఉన్నవాళ్లకు అదీ ఆగుతుంది. మీ ఇంట్లో ఎవరు ఏం తుడిచినా అందరికీ పనికొస్తుంది. కావలి వాళ్ల ఇంట్లో అట్టా కాదు. ఫోను సెట్టింగ్స్‌లో పైన మీ పేరు నొక్కి ఐక్లౌడ్‌లోకి పోతే కుటుంబంలో ఎవరు ఎంత వాడారో కనబడుతుంది. మీ ప్రశ్నకు వేరే చర్చ పెట్టండి, ఇక్కడ రెండూ కలిస్తే పెద్దాయన తికమక పడతారు.

సెల్‌పాయింట్_ట్రంక్‌రోడ్
మా కొట్టుకి రోజూ ఇద్దరు ముగ్గురు ఇదే గొడవతో వస్తారు. దీనికి ఇంత లెక్కలెందుకు సార్? 200 జీబీ ప్లానుకి మార్చండి, రెండు నిమిషాల పని. అమ్మాయికి ఈ రాత్రే మెయిళ్లు వస్తాయి.

పెన్నా_ఒడ్డు
వస్తాయి, కాదనను. అత్యవసరమైతే అదే చేయండి. కానీ ముందు అబ్బాయి ఫోను చూడకుండా ప్లాను పెంచితే ఆ వంద కూడా అతని వీడియోలకే పోతుంది. 4కేలో తీసే వీడియో ఫోనుని బట్టి నిమిషానికి 170 ఎంబీ నుంచి 350 ఎంబీ దాకా ఉంటుంది. మధ్యస్తంగా 250 అనుకుందాం. వారానికి 20 నిమిషాలు తీస్తే 5 జీబీ. అదనపు 100 జీబీ 20 వారాలు వస్తుంది. సంక్రాంతికి పెంచితే వేసవి సెలవులు అయ్యేసరికి మళ్లీ ఇదే చర్చ.

సెల్‌పాయింట్_ట్రంక్‌రోడ్
అప్పుడు 2 టీబీ. 😀

పెన్నా_ఒడ్డు
సరే, డబ్బు పెట్టకుండా ఈ రోజే అమ్మాయికి మెయిళ్లు రావాలంటే ఏ వరుసలో చేయాలో చెప్తా. వరుస మారితే పని చెడుతుంది.

ముందు అబ్బాయి తన ఫోనులో గూగుల్ ఫోటోస్ తెరిచి, పైన తన బొమ్మ నొక్కి, ఫోటోస్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఆపాలి. ఇది చేయకుండా ఎవరు ఎంత తుడిచినా ఇసుకలో పోసిన నీళ్లే. అమ్మగారి 2 జీబీ పోయినట్టే పోతుంది. వేరే ఫోనో ట్యాబో ఉండి అదే అకౌంటుతో ఉంటే అందులోనూ ఆపాలి. చాలామంది పాత ఫోను సంగతి మరిచిపోతారు.

తర్వాత అమ్మాయి తన 37లో ఏముందో చూసుకోవాలి. కాలవలో ఒక అర జీబీ ఖాళీ అయినా చాలు, కొత్త మెయిళ్లు మొదలవుతాయి. జీమెయిల్ వెతుకు పెట్టెలో ఇది కొడితే పెద్ద అటాచ్‌మెంట్లు ఉన్న మెయిళ్లు వస్తాయి:

```
has:attachment larger:10M
```

అవి తీసేసి బిన్ కూడా ఖాళీ చేయాలి. జీమెయిల్ బిన్‌లో ఉన్నవి తమంతట తాము పోవడానికి 30 రోజులు పడుతుంది, అప్పటిదాకా లెక్కలోనే ఉంటాయి. డ్రైవ్‌లో పెద్ద ఫైళ్లు వరుసగా కావాలంటే `drive.google.com/drive/quota`. అక్కడా బిన్ వేరే ఉంటుంది.

అమ్మాయిది ఆండ్రాయిడ్ ఫోనే అయితే వాట్సాప్ బ్యాకప్ కూడా చూడమనండి. 2023 దాకా అది గూగుల్ జాగాలో లెక్కకు వచ్చేది కాదు. తర్వాత నుంచి వస్తోంది. చాలామందికి తెలియకుండానే నిండిపోవడానికి ఇదొక కారణం. డ్రైవ్ యాప్‌లో ఎడమ పక్క మూడు గీతలు నొక్కితే బ్యాకప్‌లు అని ఉంటుంది, ఎంత ఉందో అక్కడ కనబడుతుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి పోయి వీడియోలు కలపడం ఆపి, మళ్లీ ఒకసారి బ్యాకప్ కొడితే పాతది పోయి చిన్నది వస్తుంది. బ్యాకప్ మొత్తం తుడిచేయబాకండి. ఫోను పోతే చాట్లు తిరిగి రావు.

బుచ్చి_బైకు
అబ్బాయి ఫోనులో గూగుల్ ఫోటోస్‌లోనే `Free up space` అని ఉంటుంది కదా అన్నా, అది ఒక్కసారి నొక్కితే 40, 50 జీబీ కూడా ఖాళీ అవుతుంది. నేను చేశాను.

పెన్నా_ఒడ్డు
ఖాళీ అయింది నీ ఫోను తమ్ముడూ. ఆ బటన్ క్లౌడ్‌లోకి ఎక్కిన ఫోటోల కాపీని ఫోనులోంచి తీసేస్తుంది, క్లౌడ్‌లో ఉన్నది ముట్టుకోదు. అకౌంటు జాగా అట్టాగే ఉంటుంది. ఇంకా ప్రమాదమేమంటే, అది నొక్కాక ఆ ఫోటోకి క్లౌడ్‌లో ఉన్నదే ఒకే కాపీ. తర్వాత జాగా కోసం క్లౌడ్‌లో తుడిస్తే రెండు చోట్లా పోయినట్టే. జాగా గొడవలో ఫోటోలు పోగొట్టుకునేవాళ్లలో ఎక్కువమంది ఈ వరుసలోనే పోగొట్టుకుంటారు. ముందు దీన్ని నొక్కుతారు, జాగా తగ్గలేదని క్లౌడ్‌లో తుడుస్తారు, తర్వాత గ్యాలరీ చూసుకుంటారు.

ఒంగోలు_గిత్త
ఇదంతా పెద్దాయనే తన ఫోను నుంచి చేయలేరా? ప్లాను ఆయనదే కదా. అబ్బాయి వీడియోలు ఆయనే తుడిచేస్తే సరిపోతుంది.

పెన్నా_ఒడ్డు
చేయలేరు. ప్లాను యజమానికి ఎవరు ఎంత వాడారన్న అంకె కనబడుతుంది, లోపల ఏముందో కనబడదు. వాళ్ల ఫోటోలు చూడలేరు, మెయిళ్లు చదవలేరు, తుడవలేరు. ఇంతకు మించి వాడొద్దని ఎవరికీ హద్దు పెట్టలేరు కూడా. ఆయన చేతిలో ఉన్నవి మూడే: ప్లాను పెంచడం, పంచుకోవడం మొత్తానికే ఆపడం, ఒకరిని కుటుంబంలోంచి తీసేయడం.

ఇంకొకటి. పెద్దాయన డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టి అందరికీ షేర్ చేశారనుకోండి. అబ్బాయి అందులో 30 జీబీ పెళ్లి వీడియోలు వేస్తే ఆ 30 అబ్బాయి లెక్కలోకే పోతుంది. ఫోల్డర్ ఎవరిదైనా సరే, ఫైలు ఎవరు ఎక్కించారో వాళ్ల జాగా. పెద్దాయన ఆ ఫైలును ఫోల్డర్‌లోంచి తీసినా జాగా రాదు, అబ్బాయి డ్రైవ్‌లో ఎక్కడో ఉండిపోతుంది. యజమానే తుడవాలి.

మైపాడు_అల
అయితే అబ్బాయిని తీసేయడమే మేలు. 78 జీబీ ఒక్క దెబ్బకు వస్తుంది. ఉద్యోగం చేస్తున్నాడు, తన ప్లాను తను కొనుక్కుంటాడు.

కావలి_పాతపోస్టు
తీసేస్తే వాడి ఫోటోలు వెంటనే పోతాయా? మనవరాలి వీడియోలన్నీ వాడి దగ్గరే ఉన్నాయి. అందుకే అడుగుతున్నా.

పెన్నా_ఒడ్డు
వెంటనే పోవు. తీసేసిన నిమిషం నుంచి అతని హద్దు 15 జీబీకి వస్తుంది, ఉన్నది మాత్రం 93. అంటే 78 పైన ఉన్నట్టు. ఫోటోలు చూడొచ్చు, దింపుకోవచ్చు. కొత్తవి ఎక్కవు, అతని మెయిలు ఆగుతుంది. ఇప్పుడు అమ్మాయికి ఉన్న బాధ అతనికి మారుతుంది, అంతే. ఇట్టా హద్దు దాటి రెండేళ్లు ఏమీ చేయకుండా ఉంటే ఫైళ్లు తుడిచేసే అవకాశం ఉందని గూగుల్ నియమాల్లో ఉంది. అంటే టైము ఉంది, కానీ మరిచిపోయేంత టైము కాదు.

తీసేయడం తేలిక, మళ్లీ మార్చుకోవడం తేలిక కాదు. ఒకరు ఒకే కుటుంబ గుంపులో ఉండగలరు, గుంపు మారడం 12 నెలల్లో ఒక్కసారే కుదురుతుంది. రేపు అతను తన భార్యతో కలిసి వేరే గుంపులో చేరితే, తర్వాత మనసు మారి మీ దగ్గరికి రావాలంటే ఏడాది ఆగాలి. అందుకని ఈ నిర్ణయం ఫోనులో కోపంగా తీసుకోబాకండి.

చిత్తలూరు_కోడలు
అల గారూ, కొడుకుని తీసేయమని అంత తేలిగ్గా చెప్పేశారు. అమ్మాయి మెయిలు కోసం అబ్బాయి మెయిలు ఆపితే ఆ ఇంట్లో పండగే.

మైపాడు_అల
ఇంట్లోంచి తీయమనలేదక్కా, ప్లానులోంచి తీయమన్నా.

పెన్నా_ఒడ్డు
అబ్బాయి 93లోంచి ఎట్టా తగ్గించాలో రాస్తా, ఇది అతనికి పంపండి. కంప్యూటర్‌లో చేయడం మేలు.

`photos.google.com/quotamanagement` తెరిస్తే పెద్ద వీడియోలు పరిమాణం వరుసలో వస్తాయి. కావాల్సినవి ముందు హార్డ్ డిస్క్‌లోకి దింపుకోవాలి. చాలా ఉంటే `takeout.google.com` లో ఫోటోలు ఒక్కటే టిక్ పెట్టి అడిగితే జిప్ ఫైళ్లుగా ఇస్తారు. ఒక్కో ముక్క మామూలుగా 2 జీబీ ఉంటుంది, 50 జీబీ దాకా పెంచుకోవచ్చు. నెట్ తెగిపోయే ఇంట్లో 50 పెట్టుకుంటే మళ్లీ మొదటి నుంచి దింపుకోవాల్సి వస్తుంది, 10 పెట్టుకోమనండి. లింకు వారమే పనిచేస్తుంది. దింపిన జిప్‌లు తెరిచి, ఒకటి రెండు వీడియోలు ఆడించి చూశాకే క్లౌడ్‌లో తుడవాలి. తుడిచాక ఫోటోస్ బిన్ కూడా ఖాళీ చేయాలి, అది 60 రోజులు పట్టుకుని కూర్చుంటుంది.

ఒక హెచ్చరిక. ఫోను ఫోటోస్ యాప్‌లో ఒక వీడియో తుడిస్తే ఆ ఫోనులోదీ క్లౌడ్‌లోదీ రెండూ పోతాయి. కాపీ హార్డ్ డిస్క్‌లో పడిందని కళ్లతో చూసేదాకా ఆ బటన్ ముట్టుకోవద్దు.

ఏదీ తుడవడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. ఇప్పుడు ఒరిజినల్ నాణ్యతలో ఎక్కుతూ ఉంటాయి. పైన చెప్పిన `photos.google.com/quotamanagement` పేజీలోనే జాగా తిరిగి తెచ్చుకునే భాగం ఉంటుంది, `Recover storage` అని. అది ఎక్కినవన్నీ స్టోరేజ్ సేవర్ నాణ్యతకు కుదిస్తుంది. ఫోటోలు 16 మెగాపిక్సెళ్ల దాకా, వీడియోలు 1080పి దాకా ఉంటాయి. 4కే వీడియోలు ఎక్కువ ఉన్నవాళ్లకు దీంతో బాగా తగ్గుతుంది. కానీ ఒకసారి కుదిస్తే వెనక్కి రాదు. మనవరాలి వీడియోలు పెద్ద టీవీలో చూడాలనుకుంటే ముందు ఒరిజినల్ దింపుకుని తర్వాత కుదించుకోమనండి.

కొత్తగా ఎక్కేవాటికి కూడా సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సేవర్ పెట్టాకే బ్యాకప్ మళ్లీ ఆన్ చేయాలి. లేకుంటే వరుసలో ఆగి ఉన్నవి ఒరిజినల్‌లోనే ఎక్కుతాయి.

సెల్‌పాయింట్_ట్రంక్‌రోడ్
ఇదంతా చేసేసరికి ఎంత సేపు పడుతుందన్నా. కస్టమర్ ఒప్పుకోడు.

పెన్నా_ఒడ్డు
కస్టమర్‌కు సంగతి వేరు. ఈయన కుటుంబం.

కావలి_పాతపోస్టు
రెండు రోజుల తర్వాత రాస్తున్నా. అబ్బాయి బ్యాకప్ ఆపాడు. పాత ఫోను ఒకటి వాళ్ల ఇంట్లో ఛార్జింగ్‌లో ఉండి దాంట్లోంచి కూడా ఎక్కుతోందంట, అదీ ఆపాడు. అమ్మాయి వాట్సాప్ బ్యాకప్ 14 జీబీ ఉంది. వీడియోలు తీసేసి మళ్లీ చేస్తే 2 అయింది. ఇప్పుడు ఆమె పేరు ఎదురుగా 22 బదులు 10 కనబడుతోంది. ముందు రోజు రాత్రి మారలేదు, కంగారు పడ్డాం. తెల్లారి చూస్తే మారింది.

మెయిళ్లు వస్తున్నాయి. కానీ ఆగిన మూడు రోజుల మెయిళ్లు రాలేదు. అవి ఎక్కడున్నాయి?

పెన్నా_ఒడ్డు
12 జీబీ తగ్గింది, 22 నుంచి 10. లెక్క సరిగ్గా ఉంది. తెర మీద అంకె మారడానికి ఒక రోజు దాకా పట్టవచ్చు. అందుకే తుడిచి ఐదు నిమిషాల్లో మారలేదని మళ్లీ మళ్లీ తుడవకూడదు.

ఆ మూడు రోజుల మెయిళ్లు ఎక్కడా దాచి ఉండవు. పంపినవాళ్లకు తిరిగి పోయినవి పోయినట్టే. కొందరి సర్వర్లు `452` వచ్చినప్పుడు కొంతసేపు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి, అట్టా ప్రయత్నిస్తున్నవి ఏమన్నా ఉంటే వచ్చి ఉంటాయి. మిగతావి అమ్మాయే అడిగి మళ్లీ పంపించుకోవాలి. కాలేజీ నుంచో పరీక్షల వాళ్ల నుంచో రావాల్సినవి ఉంటే ఈ వారమే అడగమనండి. స్పామ్‌లో వెతికి లాభం లేదు.

ఒంగోలు_గిత్త
ఒక మాట అడుగుతా అన్నా. అబ్బాయి ఇంకో కొత్త జీమెయిల్ తెరిచి వీడియోలు దాంట్లో పెట్టుకుంటే? దానికీ సొంత 15 వస్తుంది కదా.

పెన్నా_ఒడ్డు
వస్తుంది. కానీ ఆ 15 నిండాక ఉమ్మడి దాంట్లోంచి కావాలంటే ఆ కొత్త ఐడీని కూడా కుటుంబంలో చేర్చాలి. కుటుంబంలో యజమానితో కలిపి ఆరుగురే. ఆ ఐడీ ఒక సీటు తింటుంది. ఫోటోలు రెండు ఐడీల్లో చీలిపోయి వెతుక్కోవడం ఇంకో గొడవ. అవసరానికి చేసుకోవచ్చు, నేనైతే చేయను.

సెల్‌పాయింట్_ట్రంక్‌రోడ్
నేనైతే చేస్తా. ఉచితం ఎందుకు వదులుకోవాలి?

కావలి_పాతపోస్టు
అబ్బాయి 78 నుంచి ఇంకా ఏమీ తగ్గించలేదు. దసరాకి వచ్చినప్పుడు హార్డ్ డిస్క్ తెస్తానన్నాడు. అప్పటిదాకా బ్యాకప్ ఆపి ఉంచమన్నా. ఇప్పుడు ఉమ్మడి దాంట్లో 12 ఖాళీ. మనవరాలు కొత్తగా నడక నేర్చింది, వాడు వీడియోలు తీయకుండా ఉండడు. అవన్నీ ఫోనులోనే ఉంటున్నాయి, ఫోను పోతే ఎట్టా అని ఇప్పుడు మా ఆవిడ భయం.

చిత్తలూరు_కోడలు
ఆవిడ భయం నిజమే బాబాయ్. దసరా దాకా ఆ వీడియోలు ఎక్కడా లేనట్టే కదా. పెన్నా అన్నా, స్టోరేజ్ సేవర్ పెట్టి బ్యాకప్ ఆన్ చేస్తే ఆ 12లో పట్టవా?

పెన్నా_ఒడ్డు
పట్టవచ్చు. ముందు నాణ్యత మార్చి, తర్వాత ఆన్ చేసి, రోజుకు ఒకసారి పెద్దాయన కుటుంబం పేజీలో అతని అంకె చూడాలి. 78 కాస్తా 85 దాటితే మళ్లీ ఆపించండి. అమ్మాయి మెయిలుకి ఒక 5 జీబీ అయినా మిగలాలి.